పెళ్ళి షూట్‌కి డ్రోన్ లైసెన్స్: ఐదు రోజుల కోర్సు చేస్తే సరిపోతుందా?

తెనాలి_క్లిక్స్
మొన్న ఆదివారం పెళ్ళిలో నా డ్రోన్ పోయింది. కూలిపోలేదు, పోలీసులు పట్టుకెళ్ళారు. పెళ్ళికూతురి పల్లకీ ఎంట్రీ తీద్దామని లేపి రెండు నిమిషాలు కాలేదు, ఇద్దరు వచ్చి "లైసెన్స్ చూపించు" అన్నారు. నా దగ్గర ఏముంది చూపించడానికి, డ్రైవింగ్ లైసెన్స్ తప్ప! రిమోట్‌తో సహా తీసుకెళ్ళారు. మూడో రోజు స్టేషన్‌లో కాగితం రాయించుకుని తిరిగిచ్చారు. పెళ్ళివాళ్ళు డ్రోన్ కింద 8 వేలు కోసేశారు, అది వేరే బాధ.

ఇప్పుడు కోర్సు చేద్దామని చూస్తున్నాను. ఐదు రోజులు, 45 వేలు అంటున్నారు. షాపు మూసుకుని వెళ్ళాలి. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే ఇక ఈ గొడవ ఉండదు కదా? చేసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
45 వేలు ఎందుకయ్యా తగలేయడం. డ్రోన్‌కి విడిగా బిల్లు వేయకు. ఆల్బమ్, వీడియో, డ్రోన్ అన్నీ కలిపి ప్యాకేజీ అని రాయి. డ్రోన్‌కి డబ్బు తీసుకోనప్పుడు అది కమర్షియల్ ఎలా అవుతుంది? రెండు కిలోల లోపు సరదాగా ఎగరేసుకుంటే లైసెన్స్ అక్కర్లేదని రూల్లోనే ఉంది.

కెమెరా_కిట్టు
బాబాయ్, హోటల్లో సాంబారుకి విడిగా బిల్లు వేయరు, అలాగని సాంబారు దానం కాదుగా.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
బాబాయ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మైక్రో డ్రోన్, అంటే 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు ఉన్నది, సొంత సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ పెళ్ళివాళ్ళు డబ్బిచ్చి పిలిచిన షూట్‌లో అదే డ్రోన్ లేపితే అది కమర్షియలే, బిల్లులో ఆ పదం ఉన్నా లేకపోయినా. పోలీసులు బిల్లు బుక్కు తిప్పి చూడరు, మెడలో వేలాడే కెమెరా, స్టూడియో పేరున్న టీషర్టు చూస్తారు.

తెనాలి గారూ, మీకు జవాబు చెప్పేముందు రెండు అడగాలి. మీ డ్రోన్ ఏది, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు?

తెనాలి_క్లిక్స్
మడతపెట్టే చైనా డ్రోన్ అండి, 595 గ్రాములు. 2023లో హైదరాబాద్‌లో ఒక షాపులో తీసుకున్నాను. క్యాష్. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా" అన్నాడు.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
అనుకున్నాను. ఇది వినడానికి బాగోదు, కానీ 45 వేలు కట్టాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు.

కోర్సు చేస్తే వచ్చే సర్టిఫికెట్ మీకు. అంటే ఎగరేసే మనిషికి. ఎగిరే డ్రోన్‌కి విడిగా నంబర్ ఉండాలి, యూఐఎన్ అంటాం, బండికి నంబర్ ప్లేటు లాంటిది. మీ దగ్గర డ్రైవింగ్ లైసెన్స్ ఉండి, బండికి రిజిస్ట్రేషన్ లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అంతే.

ఆ నంబర్ రావాలంటే మీ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం, ఉండాలి. మీరు చెప్పిన రకం విదేశీ డ్రోన్లకి అది లేదు. 2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చినప్పుడు, ఆ నవంబరు 30 లోపు దేశంలో ఉన్న పాత డ్రోన్లు నమోదు చేసుకోవడానికి ఒక దారి ఇచ్చారు. తర్వాత 2022 ఫిబ్రవరి 9న బయట తయారైన డ్రోన్ల దిగుమతినే ఆపేశారు, రక్షణ, పరిశోధన లాంటి అవసరాలకి తప్ప. మీరు కొన్నది 2023లో, బిల్లు లేకుండా. అది ఏ దారిన వచ్చిందో నేను అడగను, మీరు చెప్పకండి.

కాబట్టి కోర్సు చేసినా, ఈ డ్రోన్‌తో డబ్బు తీసుకుని షూట్ చేయడానికి దారి లేదు.

తెనాలి_క్లిక్స్
అంటే లక్షా పది వేలు మట్టేనా?

కెమెరా_కిట్టు
మట్టి కాదు అన్నా, గాలి.

నీలిగాలి
నాది అచ్చంగా ఇదే కథ, ఒక మెట్టు ముందుకి. నేను 2022లో కోర్సు చేసేశాను, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి స్టూడియోలో తగిలించాను కూడా. డ్రోన్ మాత్రం పాతదే. ఒక ప్రభుత్వ కార్యక్రమానికి కవరేజీ అడిగితే వెళ్ళాను. అక్కడ ఆఫీసరు సర్టిఫికెట్ చూసి "బాగుంది, డ్రోన్ నంబర్ ఎంత?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకి నోరు మూతపడింది. సర్టిఫికెట్ లేనివాడికన్నా నా పరిస్థితే అధ్వానం, రూల్స్ చదివి పరీక్ష రాసినవాణ్ణి కదా, తెలియదని కూడా అనలేను.

పొలంగట్టు
మా చెల్లెలు డ్రోన్ దీదీ. సంఘం తరఫున పదిహేను రోజులు ట్రైనింగ్ ఇచ్చారు, పైలట్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. మా ఊళ్ళో మందు కొట్టే డ్రోన్ ఆమెదే. ఆమెని పెళ్ళి షూట్‌కి పంపొచ్చా? డ్రోన్‌కి నంబర్ కూడా ఉంది.

కెమెరా_కిట్టు
పది లీటర్ల ట్యాంకు డ్రోన్ పెళ్ళి పందిట్లోనా! అక్షింతల బదులు నానో యూరియా పడుతుంది.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
పొలంగట్టు గారూ, ఆమె సర్టిఫికెట్ మీద ఏ కేటగిరీ, ఏ క్లాసు అని అచ్చయి ఉంటుంది, అదొకసారి చూడండి. పొలం డ్రోన్ సామాన్యంగా స్మాల్, అంటే 2 నుంచి 25 కిలోల మధ్యది. దాని మీద సినిమా కెమెరా ఉండదు, ముందున్నది అడ్డంకులు చూసుకోవడానికి. ఆమె వేరే డ్రోన్‌తో షూట్ చేయాలంటే ఆ డ్రోన్‌కి నంబరు, దానికి సరిపడే క్లాసు సర్టిఫికెట్, రెండూ కావాలి. అయినా మందు కొడితే ఎకరానికి డబ్బులొస్తున్నాయి కదా, పెళ్ళిళ్ళ టెన్షన్ ఎందుకు!

డల్లాస్_డబ్బా
మా అమెరికాలో ఇంత గోల లేదు. పార్ట్ 107 పరీక్ష, 175 డాలర్లు, 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. ఎగరేసి చూపించే పరీక్షే లేదు. చైనా డ్రోన్‌తోనే నేను ఇళ్ళ ఫోటోలు తీసి రియల్టర్లకి అమ్ముతున్నాను. కానీ ఒకటి, ఇక్కడ 249 గ్రాములదైనా డబ్బు తీసుకుంటే పార్ట్ 107 ఉండాల్సిందే. అక్కడా అంతే అయ్యుంటుంది. తెనాలి బ్రదర్, డిసెంబర్లో వస్తున్నాను, 249 గ్రాములది ఒకటి సూట్‌కేసులో పట్టుకురానా?

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
పట్టుకురావద్దు. దిగుమతి నిషేధానికి బరువుతో పని లేదు, కస్టమ్స్‌లో ఆపితే మీ ట్రిప్పు మొదటి రోజు అక్కడే అయిపోతుంది.

బరువు విషయంలో మాత్రం ఇక్కడ రూలు మీ దగ్గరికన్నా వదులు. 250 గ్రాములు, అంతకన్నా తక్కువ ఉన్న నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకి రాసినట్టు "కమర్షియల్ కాకపోతే" అన్న షరతు నానోకి రాయలేదు. టైప్ సర్టిఫికెట్ నుంచీ, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచీ కూడా నానోకి మినహాయింపు ఉంది.

బెజవాడ_బాబాయ్
నానో 15 మీటర్లకి మించి ఎగరకూడదు. పదిహేను మీటర్లలో ఏం షూట్ చేస్తాడు, కొబ్బరి చెట్టుకి తగులుతుంది.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
అది 2021 మార్చిలో వచ్చిన రూల్స్‌లో ఉంది బాబాయ్ గారూ. నానో అయినా 15 మీటర్ల ఎత్తు దాటగలిగితే మైక్రో కింద లెక్కేసేవాళ్ళు. ఆగస్టులో కొత్త రూల్స్ వచ్చి అవి పోయాయి. ఆ ఐదు నెలల రూల్స్ మీద చేసిన యూట్యూబ్ వీడియోలు మాత్రం పోలేదు.

బెజవాడ_బాబాయ్
నేను చూసింది ఆ వీడియోనే అయ్యుంటుంది. సరే.

నీలిగాలి
నానోకి నంబర్ మాత్రం అక్కర్లేదు కదా? నా ఫ్రెండ్సందరూ నంబర్ లేకుండానే ఎగరేస్తున్నారు.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
ఇక్కడ నేను మీతో ఏకీభవించను. టైప్ సర్టిఫికెట్ దగ్గర, పైలట్ సర్టిఫికెట్ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర నానో అని పేరు పెట్టి వదిలేశారు. నంబర్ దగ్గర అలా వదిలిన వాక్యం నాకు కనిపించలేదు. నంబర్ తీసుకోమనే చెబుతాను. ఫీజు 100 రూపాయలు.

నీలిగాలి
రూలు రాసినవాళ్ళు 249 గ్రాముల బొమ్మకి కూడా నంబర్ అనుకుని రాశారంటే నమ్మలేను. నానోకి నంబర్ ఉందా అని మూడేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

కెమెరా_కిట్టు
తెనాలి అన్నని కూడా మొన్న ఆదివారం దాకా ఎవరూ అడగలేదు.

సర్వే_గొలుసు
నేను సర్వే లైన్‌లో ఉన్నాను, వెంచర్లు, క్వారీలు. తెనాలి గారూ, ఎవరూ అడగని ఒక ప్రశ్న అడుగుతాను. ఆ ఫంక్షన్ హాలు ఎక్కడ?

తెనాలి_క్లిక్స్
గన్నవరం దగ్గర, హైవే మీద. ఎయిర్‌పోర్టుకి నాలుగు కిలోమీటర్లు ఉంటుంది.

సర్వే_గొలుసు
అదీ సంగతి. మీ దగ్గర సర్టిఫికెట్, నంబర్, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నా అక్కడ లేపకూడదు. పోలీసులు వచ్చింది పెళ్ళికోసం కాదు, ఎయిర్‌పోర్టు కోసం.

ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పోర్టల్ మ్యాప్‌లో ఆ పాయింట్ మీద వేలు పెట్టి రంగు చూడాలి. ఆకుపచ్చ అయితే 400 అడుగుల వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ ఆకుపచ్చ 200 అడుగులకే ఆగిపోతుంది, పైన పసుపు. 8 లోపలికి వస్తే నేల నుంచే పసుపు, లేదా ఎరుపు. పసుపుకి ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి, ఎరుపుకి కేంద్ర ప్రభుత్వానిది. నాలుగు కిలోమీటర్ల దగ్గర అది రెండిట్లో ఏదైనా కావచ్చు, ఆకుపచ్చ మాత్రం కాదు.

ఈ 200 అడుగుల సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. శంషాబాద్ వైపు 40 ఎకరాల వెంచర్, చదరంగా నాలుగు వందల మీటర్లు ఇటు, నాలుగు వందలు అటు. 120 మీటర్ల ఎత్తులో లెక్కేసి రేటు చెప్పేశాను. ఆ ఎత్తులో మా కెమెరాకి ఒక్క ఫోటోలో 180 మీటర్ల వెడల్పు పడుతుంది. పక్క వరసతో 65 శాతం కలవాలి కాబట్టి వరసకీ వరసకీ 63 మీటర్లు, మొత్తం ఏడు వరసలు, ఒక బ్యాటరీతో అయిపోతుంది. తీరా సైటుకి వెళ్ళి మ్యాప్ చూస్తే ప్రహరీ నుంచి పది కిలోమీటర్లు. అంటే 60 మీటర్లే. ఎత్తు సగమైతే వెడల్పూ సగం, వరసలు పదమూడయ్యాయి. ముందు వెనక కూడా అంతే కాబట్టి ఫోటోలు దాదాపు నాలుగింతలు. కంప్యూటర్ రాత్రంతా నడిచింది. చిత్రం ఏంటంటే నేల మీద ఒక్కో చుక్క 3.3 సెంటీమీటర్లు ఉండాల్సింది 1.6కి వచ్చింది. క్లయింట్ ఆనందపడ్డాడు, రేటు మాత్రం పెంచలేదు.

బెజవాడ_బాబాయ్
మ్యాప్‌లో ఆకుపచ్చ ఉంటే ఇక పోలీసులు రాకూడదుగా?

సర్వే_గొలుసు
వస్తారు. ఎస్పీ స్థాయికి తగ్గని ఆఫీసరు ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు. సీఎం వచ్చినా, జాతర ఉన్నా చేస్తారు. అందుకే నేను నిన్న చూసిన రంగు నమ్మను, ఆ రోజు పొద్దున మళ్ళీ చూస్తాను. స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి వెళ్తాను. రూల్లో లేకపోయినా, ఆ మాట చెప్పినందుకు మధ్యలో దించమన్నవాళ్ళు తక్కువ.

కెమెరా_కిట్టు
తిరుమలలో మాత్రం ఏ రంగూ చూడక్కర్లేదు. సూట్‌కేసులోంచి తీయకపోవడమే మేలు.

తెనాలి_క్లిక్స్
ఒక్క ప్రశ్న అడిగితే మూడు సమస్యలు తేలాయి. మనిషి, మెషిన్, చోటు. సరే, నంబర్ ఉన్న డ్రోన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే? ఒకాయన అమ్ముతానంటున్నాడు, స్టిక్కర్ మీద యూఐఎన్ ఉంది, ఫోటో పంపాడు.

నీలిగాలి
స్టిక్కర్ చూసి కొనొద్దు అన్నా, నేను కొని చూశాను. నంబర్ ఆ మనిషి పేరు మీద ఉంటుంది, పోర్టల్‌లో మీ పేరు మీదకి మార్చాలి. D-3 ఫారం. నాకు అమ్మినవాడు డబ్బులు తీసుకుని "రేపు చేస్తా" అని నాలుగు నెలలు తిప్పాడు.

తీరా పేరు మారాక ఇంకో తిరకాసు. నంబర్‌కి మూడు సీరియల్ నంబర్లు ముడిపడి ఉంటాయి: డ్రోన్‌ది, లోపల ఫ్లైట్ కంట్రోలర్‌ది, చేతిలో రిమోట్‌ది. ఆయన ఎప్పుడో నీళ్ళల్లో పడేసి సర్వీస్ సెంటర్‌లో ఫ్లైట్ కంట్రోలర్ మార్పించాడు. అలా మార్చినప్పుడు ఏడు రోజుల్లో పోర్టల్‌లో సరిచేయాలి, ఆయన చేయలేదు. నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినప్పుడు బయటపడింది. లోపల ఉన్న బోర్డు నంబర్ ఒకటి, కాగితం మీద ఇంకొకటి. క్లెయిమ్ తిరగ్గొట్టారు.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
నీలిగాలి చెప్పింది బంగారం. కొనేముందు అమ్మే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, డ్రోన్ ఆన్ చేయించి, యాప్‌లో కనిపించే సీరియల్ నంబర్లు అతని పోర్టల్ లాగిన్‌లో ఉన్నవాటితో కలిపి చూడండి. మూడూ కలిస్తేనే డబ్బులు. బదిలీ అక్కడికక్కడే పెట్టించండి. కొత్తది కొనేటప్పుడు కూడా అంతే, షాపువాడు "డీజీసీఏ అప్రూవ్డ్", అంటే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ ఒప్పుకుంది అని చెబితే, మోడల్ పేరు అక్షరం అక్షరం టైప్ సర్టిఫికెట్ల జాబితాలో వెతకండి. ఒక మోడల్‌కి వచ్చింది చూపించి పక్క మోడల్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు.

తెనాలి_క్లిక్స్
కోర్సులో అసలు ఏం ఉంటుంది? పదేళ్ళుగా కెమెరా పట్టాను, నాలుగేళ్ళుగా డ్రోన్. పరీక్ష ఫెయిలయ్యే ఛాన్సుందా?

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
ఉంది, మీలాంటివాళ్ళకే ఎక్కువ. నవ్వుకోకండి.

మొదట క్లాసు: రూల్స్, వాతావరణం, బ్యాటరీ, ఏటీసీతో మాట్లాడే పద్ధతి. తర్వాత సిమ్యులేటర్. తర్వాత గ్రౌండ్. అక్కడ జీపీఎస్ తీసేసి ఎగరేయమంటాం. రిమోట్ మీద కర్రలు వదిలేస్తే మీ డ్రోన్ గాల్లో మేకు కొట్టినట్టు నిలబడుతుంది కదా, అది జీపీఎస్ పుణ్యం. అది తీసేస్తే గాలి ఎటు తోస్తే అటు జారుతుంది. పెళ్ళి ఫోటోగ్రాఫర్లు అలవాటు కొద్దీ కర్రలు వదిలేసి స్క్రీన్ వంక చూస్తారు, తలెత్తేసరికి డ్రోన్ నెట్ దగ్గర ఉంటుంది. ఇంకోటి, డ్రోన్ ముక్కు మన వైపు తిప్పి ఎగరేయడం. ఎడమ కుడి తారుమారవుతాయి. పొలం పిల్లలు స్క్రీన్ చూడకుండా నేర్చుకుంటారు కాబట్టి ఇందులో మీకన్నా ముందు పాసవుతారు.

కావాల్సినవి: వయసు 18 నుంచి 65, పదో తరగతి పాస్. సర్టిఫికెట్ పదేళ్ళు చెల్లుతుంది. ముందు పాస్‌పోర్టు అడిగేవారు, 2023 సవరణ తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్‌తోనూ నడుస్తుంది. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా చూసుకోండి. మనవాళ్ళకి ఒకచోట ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది. మా బ్యాచ్‌ల్లో ఎగరేయడం రాక ఆగినవాళ్ళకన్నా ఇందుకు ఆగినవాళ్ళే ఎక్కువ.

ఒకటి గుర్తుంచుకోండి, డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో చేస్తేనే సర్టిఫికెట్ పోర్టల్ నుంచి వస్తుంది. హైదరాబాద్‌లో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ లాంటివి ఉన్నాయి. "రెండు రోజుల వర్క్‌షాప్, సర్టిఫికెట్ ఉచితం" అన్నచోట ఇచ్చేది రంగు కాగితం.

పొలంగట్టు
మా చెల్లెలు మెమోలో నా పేరు తండ్రి పేరుగా పడింది. ఎలా సరిచేయించామో అడగకండి.

కెమెరా_కిట్టు
నిన్నే అడుగుతున్నాం.

సర్వే_గొలుసు
తెనాలి గారూ, మీ లెక్కలో ఇంకోటి వేసుకోండి. ఏడాదికి ఎన్ని డ్రోన్ షూట్లు చేస్తారు?

తెనాలి_క్లిక్స్
ముహూర్తాలు బాగుంటే ముప్పై.

సర్వే_గొలుసు
అయితే సర్టిఫికెట్, నంబరున్న డ్రోన్ రెండూ ఉన్న పైలట్‌ని రోజుకి పిలుచుకోండి. మా వైపు ఆరు వేలకి వస్తున్నారు. మీకు మిగిలేది రెండు వేలే, నిజమే. కానీ 45 వేల కోర్సు, దాని మీద రెండు మూడు లక్షల మేడ్ ఇన్ ఇండియా డ్రోన్, ఏటా ఇన్సూరెన్స్, ఇవి ముప్పై పెళ్ళిళ్ళ మీద రాబట్టడానికి రెండేళ్ళు పడుతుంది. సర్వే పనుల్లోకి దిగుతానంటే వేరే మాట, అక్కడ టెండర్ కాగితాల్లోనే పైలట్ సర్టిఫికెట్ కాపీ, యూఐఎన్, ఇన్సూరెన్స్ మూడూ అడుగుతారు.

నీలిగాలి
ఒప్పుకోను. పిలిచిన పైలట్‌కి పెళ్ళి తెలియదు. నేను పిలిచినాయన తలంబ్రాలప్పుడు బ్యాటరీ మారుస్తున్నాడు.

బెజవాడ_బాబాయ్
తలంబ్రాలు మళ్ళీ పోయించండి. మా రోజుల్లో ఫ్లాష్ పేలకపోతే మళ్ళీ తాళి కట్టించేవాళ్ళం.

తెనాలి_క్లిక్స్
ఇవాళ్టి సంగతి. మా బామ్మర్ది దగ్గర 2020లో కొన్న మినీ ఒకటి ఉంది, డబ్బా మీద 249 గ్రాములు అని రాసుంది. నానో కదా అని సంబరపడి, పక్కనున్న కంసాలి కొట్టుకి పట్టుకెళ్ళి తూయించాను. వాడు బంగారం తూచే కాటా మీద డ్రోన్ పెట్టి నా మొహం చూశాడు. 253.4. గుండె ఆగినంత పనైంది.

ఇన్‌స్ట్రక్టర్_ఓరుగల్లు
దాని మీద ఏమేం తగిలించి ఉన్నాయి? ఎగిరేటప్పుడు దాని మీద ఉన్న బరువంతా లెక్కే. రెక్కల చుట్టూ గార్డులు, ల్యాండింగ్ కాళ్ళు, పెద్ద బ్యాటరీ, ఏది పెట్టినా 250 దాటి మైక్రో అయిపోతుంది. అప్పుడు కథ మళ్ళీ మొదటికి.

తెనాలి_క్లిక్స్
లెన్స్ మీద నల్ల ఫిల్టర్, వెనకాల స్టూడియో స్టిక్కర్, రాత్రి షూట్లకని అతికించిన చిన్న లైటు. మూడూ పీకాను. మళ్ళీ తూచాడు. 248.9. కంసాలి "తరుగు తీయనా?" అన్నాడు.

నంబర్‌కి రేపు పోర్టల్‌లో పెడతాం, బామ్మర్ది పేరు మీదే, బిల్లు కూడా ఉంది వాడి దగ్గర. వచ్చే పెళ్ళి తెనాలిలోనే, మ్యాప్‌లో ఆకుపచ్చ చూశాను, ఆ రోజు పొద్దున మళ్ళీ చూస్తాను. 595 గ్రాముల దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు, బీరువా మీద పెట్టాను.

నీలిగాలి
నా పాతది కూడా బీరువా మీదే ఉంది.

కెమెరా_కిట్టు
బీరువా మీద ఎత్తు ఎంత? పసుపు జోన్ కాదుగా?